శుభలేఖలో రెండు లిపుల సహపంక్తి

పెళ్లికూతురి పేరు తెలుగులో బొద్దుగా, నల్లగా కార్డు మధ్యలో కనిపిస్తుంది. దాని కిందే అదే పేరు ఇంగ్లిషులో సన్నని గీతలతో, ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. మరో కార్డులో ఇంగ్లిషు క్యాపిటల్ అక్షరాలు నిటారుగా లేచి నిలబడితే, వాటి పక్కన తెలుగు కుంచించుకుపోయినట్టు ఉంటుంది. రెండు కార్డుల్లోనూ కంప్యూటర్లో తెలుగుకూ ఇంగ్లిషుకూ ఒకే సైజు ఇచ్చి ఉంటారు. చూసినవాళ్లు ఫాంటు బాగాలేదంటారు. షాపువాళ్లు ఇంకో ఫాంటు చూపిస్తారు. అదీ నప్పదు. చాలాసార్లు అసలు ఫాంట్లలో లోపమేమీ ఉండదు. రెండు లిపులను పక్కపక్కన పెట్టేటప్పుడు కొలవాల్సింది ఎవరూ కొలవకపోవడం వల్లే ఇలా జరుగుతుంది.

ఇప్పుడు శుభలేఖ రెండు భాషల్లో ఉండటం మామూలైపోయింది. తాతయ్యలు తెలుగు చదువుతారు. ఆఫీసు స్నేహితులు, బెంగళూరులోనో పుణెలోనో పుట్టి పెరిగిన మేనల్లుళ్లు, అమెరికాలో ఉన్న వియ్యాలవారి బంధువులు ఇంగ్లిషు చదువుతారు. ఇద్దరికీ వెళ్లేది ఒకే కార్డు. అందులో ఒక లిపి పెద్దపీట మీద, ఇంకోటి నేల మీద కూర్చున్నట్టు ఉండకూడదనుకుంటే ముందుగా ఫాంటు సైజు అంటే ఏమిటో తెలియాలి.

సైజు అంకె అక్షరం ఎత్తును చెప్పదు. సీసపు అచ్చుల కాలంలో అది అక్షరాన్ని మోసే దిమ్మె ఎత్తు. కంప్యూటర్లో దిమ్మె పోయి, దాని స్థానంలో కంటికి కనబడని ఒక చట్రం వచ్చింది. 24 పాయింట్లంటే ఆ చట్రం ఎత్తు 24 పాయింట్లు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అందులో అక్షరాన్ని ఎంత పెద్దగా గీయాలన్నది గీసినవాళ్ల ఇష్టం. తెలుగు ఫాంటు గీసేవాళ్లకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పైన గుడి దీర్ఘానికి, కింద ఒత్తుకు, ఒత్తు కింద మరో ఒత్తుకు కూడా చోటు చూడాలి. ఒకరు చట్రంలోనే అన్నీ ఇమిడేలా అక్షరాన్ని చిన్నగా గీస్తారు. ఇంకొకరు అక్షరాన్ని పెద్దగానే ఉంచి ఒత్తుల్ని చట్రం బయటకు వదిలేస్తారు. అందుకే రెండు తెలుగు ఫాంట్లను ఒకే సైజులో పెట్టినా ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తాయి. ఇంగ్లిషులోనూ ఇదే తేడా ఉంది. పెళ్లికార్డుల్లో ఎక్కువగా కనిపించే కార్మరెంట్ గారమాండ్‌లో చిన్న అక్షరాలు బాగా పొట్టి. ప్లేఫెయిర్ డిస్‌ప్లేలో అవే అక్షరాలు చాలా ఎత్తుగా ఉంటాయి.

కాబట్టి అంకెను నమ్మకుండా అక్షరాన్నే కొలవాలి. అందుకు తెలుగులో ‘ర’ కంటే వీలైన అక్షరం లేదు. దాని ఒళ్లు గుండ్రం, దాని మీద తలకట్టు. ఆ గుండ్రని భాగాన్ని కొలిస్తే తెలుగు అక్షరం ఒంటి ఎత్తు తెలుస్తుంది. తలకట్టు కొస వరకు కొలిస్తే పూర్తి ఎత్తు తెలుస్తుంది. ఇంగ్లిషులో దానికి సరిజోడు చిన్న ఓ అక్షరం. రెండూ గుండ్రమే కాబట్టి పక్కపక్కన పెడితే ఏది పెద్దదో, ఏది లావో కంటికి వెంటనే తెలిసిపోతుంది. ఇంగ్లిషు చిన్న అక్షరాల ఈ ఒంటి ఎత్తునే డిజైనర్లు ఎక్స్ హైట్ అంటారు. క్యాపిటల్ అక్షరాల ఎత్తు మూడో కొలత.

ఈ కొలతల్లో దేన్ని దేనితో జత చేయాలి? అసలు పని ఇక్కడే ఉంది. తెలుగులో క్యాపిటల్స్ లేవు. తలకట్టుతో కలిపి చూస్తే తెలుగు అక్షరం సాధారణంగా ఇంగ్లిషు చిన్న అక్షరం కంటే ఎత్తుగా, క్యాపిటల్ కంటే పొట్టిగా ఉంటుంది. తలకట్టును క్యాపిటల్‌తో సమానం చేస్తే ఇంగ్లిషు చిన్న అక్షరాలు మరీ చిన్నవైపోతాయి. ‘ర’ ఒంటినీ ఓ ఒంటినీ సమానం చేస్తే క్యాపిటల్స్ తెలుగు నెత్తి మీదుగా పొడుచుకొస్తాయి. అనుభవజ్ఞులు రెంటికీ మధ్య ఆగుతారు. ఓ అక్షరం ‘ర’ ఒంటికంటే ఒక వెంట్రుకవాసి తక్కువగా, క్యాపిటల్ తలకట్టుకంటే ఒక వెంట్రుకవాసి ఎక్కువగా ఉండే చోట చూపు కుదురుతుంది.

ఒక ఉదాహరణను అంకెలతో చూద్దాం. 5 అంగుళాలకు 7 అంగుళాల కార్డు. పేర్ల కోసం శ్రీనివాస కల్యాణంలోని వధూవరులనే తీసుకుంటే అక్షరాల స్వభావం బాగా తెలుస్తుంది. ‘పద్మావతి’లో ‘ద’ కింద మావత్తు ఉంది, చివర పైన గుడి ఉంది. ‘శ్రీనివాస’లో మొదటి అక్షరమే పైకీ కిందికీ చాచుకుని ఉంటుంది. తెలుగు పేర్లు 30 పాయింట్లలో పెట్టి ప్రింటు తీశారనుకుందాం. స్కేలు పెడితే ‘ర’ ఒళ్లు 5 మిల్లీమీటర్లు, తలకట్టుతో కలిపి 6.8 మిల్లీమీటర్లు వచ్చింది. ఎంచుకున్న ఇంగ్లిషు ఫాంటును కూడా 30 పాయింట్లలోనే కొలిస్తే చిన్న అక్షరం 4.2, క్యాపిటల్ 6.7 వచ్చాయి. ఫాంట్లు మారితే ఈ కొలతలూ మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

ఒళ్లు సమానం కావాలంటే 30ని 5తో గుణించి 4.2తో భాగించాలి. దాదాపు 36 పాయింట్లు. అప్పుడు క్యాపిటల్ 8 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, తలకట్టుకంటే 1.2 ఎక్కువ. పద్మావతి ఇంగ్లిషు పేరులో మొదటి అక్షరం ఒక్కటే గడకర్రలా లేచి మిగతా పేరును కిందికి నొక్కేసినట్టు ఉంటుంది. అందుకని 32 దగ్గర ఆగితే చిన్న అక్షరం సుమారు 4.5, క్యాపిటల్ 7.1 అవుతాయి. ఒక వైపు అర మిల్లీమీటరు తక్కువ, ఇంకో వైపు 0.3 ఎక్కువ. కంటికి రెండూ సరిసమానంగా అనిపిస్తాయి.

అదే పేరును మొత్తం క్యాపిటల్స్‌లో వేయాలనుకుంటే లెక్క తారుమారవుతుంది. మన కార్డుల్లో ఈ పద్ధతి చాలా ఎక్కువ. చిన్న అక్షరాలు లేనప్పుడు ప్రతి అక్షరమూ పూర్తి ఎత్తులోనే నిలబడుతుంది. అందుకే క్యాపిటల్ ఎత్తు తెలుగు ఒంటికీ తలకట్టు కొసకూ మధ్య ఎక్కడో ఉండాలి. ఈ ఉదాహరణలో 6.2 మిల్లీమీటర్లు అనుకుంటే 28 పాయింట్లు సరిపోతాయి. అంటే ఒకే ఫాంటు మామూలుగా వేస్తే 32, అన్నీ క్యాపిటల్స్‌లో వేస్తే 28. తెలుగు ఎప్పుడూ 30లోనే ఉంది. సైజు పెట్టెలో ఒకే అంకె కొట్టి వదిలేసే కార్డుల్లో ఇంగ్లిషు అరిచినట్టు ఎందుకు ఉంటుందో ఈ నాలుగు పాయింట్ల తేడా చెబుతుంది.

ఎత్తు కుదిరాక బరువు సంగతి. దీన్ని చాలామంది బోల్డ్ బటన్‌తో తేల్చేస్తారు. కార్డులు ఎక్కువగా చెడేది కూడా అక్కడే.

తెలుగు అక్షరంలో వంపులు ఎక్కువ, లోపలి ఖాళీలు చిన్నవి. ‘ఘ’, ‘ఝ’, ‘క్ష’ లాంటివి ఒకే వెడల్పులో ఇంగ్లిషు అక్షరం కంటే ఎక్కువ గీతను మోస్తాయి. గీత మందం రెండు లిపుల్లో ఒక్కటే అయినా తెలుగు పేరా మరింత నల్లగా కనిపిస్తుంది. కాబట్టి గీతల మందాన్ని సమానం చేస్తే చాలదు, కాగితం మీద పరుచుకునే నలుపును సమానం చేయాలి. అందుకు ఇంగ్లిషు గీత తెలుగు గీతకంటే కొంచెం మందంగా ఉండటం అవసరమవుతుంది.

ఇక్కడ ఒక నిర్ణయం ముందే తీసుకోవాలి. రెండు ఫాంట్లలో దేన్ని మొదట ఎంచుకోవాలి? కార్డు డిజైన్లు చాలావరకు ఇంగ్లిషు నమూనాలతో మొదలవుతాయి. నచ్చిన ఇంగ్లిషు ఫాంటును ఖాయం చేసి, ఆ తర్వాత దానికి తగిన తెలుగు కోసం వెతుకుతారు. దొరకదు. దొరికిన తెలుగును సాగదీస్తారు, కుదిస్తారు, చుట్టూ గీత గీసి లావు చేస్తారు. ఈ వరుస తిరగబడాలి. ఇంగ్లిషులో ఫాంట్లు వేలల్లో ఉన్నాయి, ఒక్కో కుటుంబంలో సన్నం నుంచి లావు వరకు మెట్లు మెట్లుగా బరువులుంటాయి. తెలుగులో చూడముచ్చటైన ఫాంట్లు చాలావరకు ఒకే బరువులో వచ్చాయి. సిలికానాంధ్ర చొరవతో గుత్తుల పురుషోత్తమ కుమార్ గీసిన మండలి, మల్లన్న, సూరన్న, రామభద్ర వంటివి ఉచితంగా దొరికే ఫాంట్లు. వీటిలో ఒక్కోటి ఒక్కో బరువే. ఒకే బరువున్న లిపిని కదల్చకుండా, పది బరువులున్న లిపిని దానికి తగ్గట్టు సర్దడమే సులువు. అందుకే తెలుగును ముందు ఖాయం చేయాలి.

ఈ ఫాంట్ల విషయంలో తెలుసుకోవాల్సింది మరొకటి ఉంది. వీటిలో ఇంగ్లిషు అక్షరాలు కూడా ఉంటాయి కాబట్టి జతచేసే పని అయిపోయిందని అనుకుంటారు. ఆ ఇంగ్లిషు భాగాలు వేరే డిజైనర్లు వేరే ఫాంట్ల కోసం గీసినవి. కొన్నిటిలో బాగా కలిసిపోతాయి, కొన్నిటిలో కలవవు. ‘ర’ పక్కన ఓ పెట్టి చూడకుండా వాడకూడదు.

తెలుగును కృత్రిమంగా లావు చేస్తే జరిగే నష్టం అందానికే పరిమితం కాదు. తెలుగులో చాలా అక్షరాలకు ఒక చిన్న గీతో, చుక్కో, ఖాళీయో ప్రాణం. ‘ద’ కింద చిన్న గీత ఉంటేనే ‘ధ’. ‘ప’ కింద గీత ఉంటేనే ‘ఫ’. అసలు బోల్డ్ లేని ఫాంటుకు సాఫ్ట్‌వేర్ నకిలీ బోల్డ్ వేసినప్పుడు అది గీతను అన్ని వైపులా ఒకేలా ఉబ్బిస్తుంది. అడుగున ఉన్న ఆ చిన్న గీత అక్షరం ఒంటిలో కలిసిపోతుంది. ‘వధువు’ కాస్తా ‘వదువు’గా కనిపిస్తుంది. శుభలేఖ మొత్తానికి ముఖ్యమైన మాటే తప్పుగా అచ్చయినట్టు ఉంటుంది. బోల్డ్ నకిలీదో అసలుదో తేల్చుకోవడం సులువే. ఫాంటు పేరు కింద వచ్చే జాబితాలో బోల్డ్ అని వేరుగా ఉంటే అది డిజైనర్ గీసినది. జాబితాలో లేకపోయినా బటన్ నొక్కగానే లావైతే అది సాఫ్ట్‌వేర్ చేసిన పని.

నలుపు సమానంగా ఉందో లేదో చూసేందుకు పాత పద్ధతి కళ్లు సగం మూయడం. అక్షరాలు చెదిరి రెండు బూడిద చారలు మిగులుతాయి. ఏ చార ముదురుగా ఉందో తెలుస్తుంది. కార్డును తలకిందులు చేసి చూడటం కూడా ఇలాంటిదే, చదవడం ఆగిపోయి చూడటం మొదలవుతుంది. కంటి మీద నమ్మకం లేనివాళ్లకు ఫొటోషాప్‌లో ఒక కొలత ఉంది. తెలుగు పంక్తిలో అక్షరాల ఒంటి ఎత్తు మేరకు మాత్రమే, గుడులనూ ఒత్తులనూ వదిలేసి, ఒక దీర్ఘచతురస్రాన్ని ఎంచుకుని ఈ ఆజ్ఞ ఇవ్వాలి.

```
Filter > Blur > Average
```

ఎంచుకున్న భాగమంతా ఒకే బూడిద రంగు అవుతుంది. ఇన్ఫో ప్యానెల్లో దాని నలుపు ఎంత శాతమో కనిపిస్తుంది. ఇంగ్లిషు పంక్తికీ అలాగే చేసి రెండు అంకెలను పోల్చాలి. తెలుగు 34 శాతం, ఇంగ్లిషు లైట్ బరువులో 22 శాతం వచ్చిందనుకుంటే కార్డు ఒక వైపు ఒరిగినట్టే. అదే ఇంగ్లిషు కుటుంబంలో రెగ్యులర్, తర్వాత మీడియం వేసి చూస్తూ పోవాలి. తేడా రెండు మూడు అంకెల్లోకి వచ్చిన బరువే కావాల్సినది. దీన్ని ఒక్క పేరు మీద కాకుండా రెండు మూడు పంక్తుల మీద చూడటం మంచిది. ‘రమ’ లాంటి పేరు తేలికగా, ‘లక్ష్మీప్రసన్న’ లాంటి పేరు చిక్కగా ఉంటాయి కదా.

నలుపు సమానమైనా కొన్ని జతలు కుదరవు. అందుకు కారణం గీతలో లావు సన్నాల తీరు. ప్లేఫెయిర్ డిస్‌ప్లే లాంటి ఫాంటులో నిలువు గీతలు బాగా లావు, అడ్డగీతలు వెంట్రుకంత సన్నం. ఆ మెరుపు కోసమే కార్డులవాళ్లు దాన్ని ఇష్టపడతారు. తెలుగు ఫాంట్లలో చాలావాటికి గీత అంతటా దాదాపు ఒకే మందం. లావు సన్నాలున్న ఫాంట్లలో కూడా లావు ఎక్కడ పడుతుందన్నది ఇంగ్లిషుతో కలవదు, తరచు అది కింది వంపుల్లోకి దిగుతుంది. ఒకటి నిలువుగా బరువు మోస్తుంటే ఇంకోటి అడ్డంగా మోస్తుంది. పక్కపక్కన ఉంచితే ఇద్దరు వేర్వేరు పెళ్లిళ్లకు వచ్చినట్టు ఉంటుంది. గీత మందం పెద్దగా మారని తెలుగు ఫాంటుకు ఇంగ్లిషులో కూడా అలాంటిదే చూడాలి. కొసల్లో ముక్కులు లేని హింద్, ఓపెన్ సాన్స్ లాంటివి అందుకు పనికొస్తాయి. ముక్కులు కావాలనుకుంటే లావు సన్నాల తేడా మితంగా ఉన్న జెంటియం, అలెగ్రేయా లాంటివి నయం. గ్రేట్ వైబ్స్ లాంటి గొలుసుకట్టు ఫాంట్లలో చిన్న అక్షరాలు మరీ పొట్టి, గీత మరీ సన్నం. తెలుగు పేరు పక్కన పేరుగా అవి నిలవలేవు. రెండు పేర్ల మధ్య ‘వెడ్స్’ అనే ఒక్క మాటకు వాడుకుంటే మాత్రం అందంగానే ఉంటాయి.

జత కోసం ఇంత వెతుకులాట వద్దనుకునేవాళ్లకు, రెండు లిపులనూ ఒకే ఆలోచనతో గీసిన ఫాంట్లు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. ఇండియన్ టైప్ ఫౌండ్రీ వారి హింద్ గుంటూరులో లైట్ నుంచి బోల్డ్ వరకు 5 బరువులున్నాయి, ప్రతి బరువులోనూ తెలుగూ ఇంగ్లిషూ కలిసి వస్తాయి. ఎక్ టైప్ బృందం గీసిన అనేక్ తెలుగు ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో బరువును 100 నుంచి 800 వరకు ఏ అంకె దగ్గరైనా ఆపుకోవచ్చు, వెడల్పును కూడా మార్చుకోవచ్చు. వాళ్లదే బలూ తమ్ముడు బొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. సంగీత్, హల్దీ కార్డులకు హాయిగా నప్పుతుంది. ముహూర్తం కార్డుకు మరీ ఆటగా అనిపించవచ్చు.

సంప్రదాయంగా ఉండాలనుకునే కార్డుకు ఎంచుకోదగ్గ జత ఇంకోటి ఉంది. దాని వెనుక కథ ఈ విషయానికి బాగా సరిపోతుంది. హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురిస్తున్న మూర్తి క్లాసికల్ లైబ్రరీలో మూలం ఎడమ పేజీలో, ఇంగ్లిషు అనువాదం కుడి పేజీలో ఉంటాయి. అల్లసాని పెద్దన మనుచరిత్ర 2015లో ఈ వరుసలోనే వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ అనువాదంతో వచ్చింది. పుస్తకం తెరవగానే రెండు లిపులూ ఎదురెదురుగా కనిపిస్తాయి కాబట్టి ఏ పేజీ నలుపు ఎక్కువైనా వెంటనే బయటపడిపోతుంది. ఈ వరుస కోసం టైరో టైప్‌వర్క్స్ సంస్థ భారతీయ లిపుల్లో ఫాంట్లు రూపొందించింది. అందులోంచి వచ్చిందే ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే టైరో తెలుగు. ఆ ఫాంట్లలోని ఇంగ్లిషు భాగాన్ని జాన్ హడ్సన్ కాస్టోరో అనే పేరుతో విడిగా కూడా ఇచ్చారు. శీర్షికల కోసం క్యాపిటల్స్ మాత్రమే ఉన్న కాస్టోరో టైట్లింగ్ కూడా ఉంది. వివరాలకు టైరో తెలుగు, దాని ఇంగ్లిషు. పేర్లకు తెలుగులో టైరో, ఇంగ్లిషులో కాస్టోరో టైట్లింగ్ వేస్తే కార్డు మొత్తం ఒకే చేతి పనిలా ఉంటుంది. టైరోలో బోల్డ్ లేదు. పేర్లు ఎత్తి చూపాలంటే సైజు పెంచాలి, లేదా రంగు మార్చాలి. ఆ పరిమితి కార్డుకు మేలే చేస్తుంది.

ఇక పంక్తుల మధ్య ఎడం. ఇన్‌డిజైన్‌లో మనం ఏమీ చెప్పకపోతే అది అక్షరం సైజుకు 120 శాతం ఎడం వేస్తుంది. ఇంగ్లిషుకు అది సరిపోతుంది. తెలుగులో పై పంక్తిలో ‘లక్ష్మి’, కింది పంక్తిలో సరిగ్గా దాని కిందే ‘శ్రీమతి’ పడితే ఒత్తు కొస వచ్చి గుడి దీర్ఘానికి తగులుతుంది. మన కార్డుల్లో ఈ రెండు మాటలూ తప్పకుండా ఉంటాయి కాబట్టి ఎడాన్ని పరీక్షించడానికి వీటినే వాడొచ్చు. ఈ రెండూ తగలకుండా, మధ్యలో కాస్త గాలి ఆడేంత ఎడం ఉంటే మిగతావన్నీ నిలుస్తాయి. 13 పాయింట్ల తెలుగుకు సాధారణంగా 20, 21 పాయింట్ల ఎడం కావాల్సి వస్తుంది. తెలుగు ఒక పేజీలో, ఇంగ్లిషు ఎదురు పేజీలో ఉంటే ఇంగ్లిషుకు కూడా అదే ఎడం ఇచ్చి పంక్తులు ఎదురెదురుగా పడేలా చూడాలి. అప్పుడు ఇంగ్లిషు పలచబడినట్టు అనిపిస్తే సైజు అర పాయింటు పెంచితే సర్దుకుంటుంది. పైనా కిందా వేసిన కార్డులో మాత్రం ఏ లిపి ఎడం దానిదే.

అక్షరాల మధ్య ఎడం గురించి కూడా ఒక మాట. క్యాపిటల్స్‌ను దూరం దూరంగా పరిచి వేయడం ఇప్పుడు ఫ్యాషన్, అందంగానే ఉంటుంది. అదే ఎడం తెలుగుకు ఇస్తే కొన్ని ఫాంట్లలో ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది. ‘పద్మావతి’లో మావత్తు ‘ద’ కింద నుంచి తప్పుకుని ‘వ’ వైపు వెళ్లిపోతుంది. తెలుగులో ఎడం సున్నా దగ్గరే వదిలేయడం క్షేమం.

రెండు లిపులూ ఒకే పంక్తిలో కలిసే చోటు అంకెలు. ముహూర్తం పంక్తిలో ‘ఉదయం 10.32 నిమిషాలకు’ అన్నప్పుడు అంకెలు క్యాపిటల్స్ ఎత్తులో ఉండి తెలుగు మధ్యలోంచి తల ఎత్తుతాయి. వాటిని పంక్తి సైజు కంటే ఒక పాయింటు తగ్గిస్తే చాలు. ఫోన్ నంబర్లు, డిగ్రీల పొడి అక్షరాలు కూడా ఇలాంటివే. ఒక్కొక్కటీ వెతికి మార్చనక్కర్లేకుండా ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ స్టైల్ లోపల గ్రెప్ స్టైల్ అనే సదుపాయం ఉంది. ఇంగ్లిషు ఫాంటు, తగ్గించిన సైజు ఉన్న ఒక క్యారెక్టర్ స్టైల్ తయారుచేసి, దాన్ని ఈ సూత్రానికి తగిలిస్తే పత్రిక అంతటా దానంతట అదే అమలవుతుంది.

```
[A-Za-z0-9]+
```

అంతకుముందు పేరాగ్రాఫ్ కంపోజర్ `Adobe World-Ready Paragraph Composer` అయి ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఒత్తులు విడిపోయి అక్షరాలు ముక్కలవుతాయి. ఇంకా చాలా ప్రెస్సుల్లో అను ఫాంట్లతో పని జరుగుతోంది. యూనికోడ్ పద్ధతికి ముందు నుంచీ వాడుకలో ఉన్న ఈ ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల గదుల్లోనే తెలుగు రూపాలను కూర్చారు. అందువల్ల పై సూత్రం అక్కడ పనిచేయదు, తెలుగునే ఇంగ్లిషనుకుని మార్చేస్తుంది. అక్కడ ఇంగ్లిషు మాటలను చేత్తోనే ఎంచి ఫాంటు మార్చాలి. ఎత్తు, నలుపు కొలతలు మాత్రం అను ఫాంట్లకూ అలాగే వర్తిస్తాయి.

తెర మీద కుదిరిన సమతూకం అచ్చులో చెదిరే చోట్లు రెండున్నాయి. ఒకటి బంగారు రేకు. వేడి బ్లాకుతో రేకును అద్దినప్పుడు అది అంచులు దాటి కొంచెం పాకుతుంది. సన్నని ఇంగ్లిషు గీత అక్కడక్కడ అంటుకోకుండా తెగిపోతుంది, తెలుగులో ‘ఘ’, ‘థ’ లోపలి ఖాళీలు పూడిపోతాయి. ఒకే పనిలో ఒక లిపి పలచబడి, ఇంకో లిపి ముద్ద అవుతుంది. రేకు వేసే కార్డుకు తెలుగును ఒక మెట్టు తేలిక బరువులో, ఇంగ్లిషును ఒక మెట్టు మందంగా తీసుకోవడం మంచిది. తెలుగు ఫాంటుకు ఒకే బరువుంటే సైజు పెంచి లోపలి ఖాళీలను కాపాడుకోవాలి. రెండోది ముదురు కాగితం. మెరూన్ మీద తెల్లని అక్షరాలు మిగలాలని చుట్టూ సిరా వేస్తే ఆ సిరా లోపలికి పాకి సన్నని గీతలను తినేస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ తుది బరువు ఖాయం చేసేముందు అదే కాగితం మీద, అదే పద్ధతిలో ఒక నమూనా వేయించుకోవాలి. ప్రింటరు కాగితం మీద తీసిన నలుపు తెలుపు ప్రూఫు ఈ విషయంలో ఏమీ చెప్పలేదు.

వాట్సాప్‌లో పంపే బొమ్మకు మళ్లీ చూసుకోవాలి. 5 అంగుళాల వెడల్పు కార్డు ఫోను తెర మీద సగమై కనిపిస్తుంది. 13 పాయింట్ల తెలుగు ఆరున్నర పాయింట్లలా, దాని కింద ఒత్తులు అంతకంటే చిన్నగా ఉంటాయి. అచ్చు కార్డునే బొమ్మగా పంపితే మొదట మాయమయ్యేది ఇంగ్లిషు సన్న గీతలు, తర్వాత తెలుగు ఒత్తులు. ఫోను కోసం వివరాల పంక్తులను తగ్గించి, వేదిక, ముహూర్తం, పేర్లు మాత్రం ఉంచి, తెలుగు సైజు పెంచి, దానికి తగ్గట్టు ఇంగ్లిషును మళ్లీ కొలిచి వేరే బొమ్మ తయారుచేయాలి. అక్కడ కూడా పని మొదలుపెట్టాల్సింది ‘ర’ పక్కన చిన్న ఓ పెట్టి, ఫోనును చేయి చాచినంత దూరంలో ఉంచి చూడటంతోనే.